మిక్సీ మోత, గౌను లేబుల్, పెళ్లి జనం

కొందరు పిల్లలు మిక్సీ వేయగానే రెండు చెవులూ మూసుకుని బాల్కనీలోకి పరుగెడతారు. మెడ వెనక లేబుల్ ఉన్న గౌను తొడిగితే అరనిమిషంలో విప్పి పారేస్తారు. పెళ్లి మండపంలో అడుగు పెట్టగానే అమ్మ పమిటలో మొహం దాచుకుంటారు, ముద్దుచేయబోయిన పెద్దమ్మను చేత్తో తోసేస్తారు. ఇంట్లో తలా ఒక పేరు పెడతారు. తాతయ్య మొండి అంటాడు, నానమ్మ గారాబం ఎక్కువైందంటుంది, పక్కింటావిడ దిష్టి తగిలిందంటుంది.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి మనకు మామూలుగా అనిపించే చప్పుడు, స్పర్శ, రద్దీ మరీ గట్టిగా తాకుతాయి. థెరపిస్టులు దీన్ని సెన్సరీ సెన్సిటివిటీ అంటారు. ఇది అరుదేమీ కాదు. అమెరికాలో 7 నుంచి 11 ఏళ్ల పిల్లల గురించి వాళ్ల తల్లిదండ్రులను అడిగి చేసిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. కనీసం నాలుగు రకాల చప్పుళ్లో స్పర్శలో తమను ఇబ్బంది పెట్టే పిల్లలు అందులో సుమారు 16 శాతం ఉన్నారు. అంటే దాదాపు ఆరుగురిలో ఒకరు. వీళ్లలో ఎక్కువమందికి ఏ జబ్బు పేరూ ఉండదు. బడికి వెళ్తారు, చదువుకుంటారు, ఆడుకుంటారు. ఒక్కో వేళ మాత్రం ఎందుకో తెలియకుండా బద్దలవుతారు.

ఆ "ఎందుకో" అన్నదాన్ని పట్టుకోవడం కష్టం. ప్రవర్తన అందరికీ కనబడుతుంది, దాని వెనకున్న అనుభూతి ఆ పిల్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఐదేళ్ల వయసులో ఆమెకూ దాన్ని చెప్పడానికి మాటలుండవు. "నా మెడ మీద ఏదో గీరుతూనే ఉంది, పొద్దుటి నుంచి అది తప్ప ఇంకేదీ ఆలోచించలేకపోతున్నా" అని ఏ యూకేజీ పాప చెబుతుంది? ఏడుస్తుంది, అంతే.

ఒక పాప, ఒక రోజు

దీన్ని అర్థం చేసుకోవాలంటే ఏడ్చిన ఒక్క క్షణాన్ని కాదు, రోజంతటినీ చూడాలి. ఇక్కడ చెప్పే పాప ఏ ఒక్క ఇంటి పాపా కాదు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు మామూలుగా చెప్పే విషయాలను ఒకచోట చేర్చి చెబుతున్న ఉదాహరణ. వయసు ఐదేళ్లు. విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో అమ్మ, నాన్న, నానమ్మతో ఉంటుంది.

ఉదయం ఆరున్నరకు చట్నీ కోసం మిక్సీ తిరుగుతుంది. పాప నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తుంది. ఏడున్నరకు యూనిఫాం. చొక్కా పాలిస్టర్ కలిసిన బట్ట, కాలర్ గట్టిది, పైన టై, కాళ్లకు సాక్సు. సాక్సు నాలుగుసార్లు విప్పించి నాలుగుసార్లు తొడిగించుకుంటుంది. "వేళ్ల దగ్గర బాలేదు" అంటుంది, అమ్మకు మాత్రం అక్కడ ఏమీ కనబడదు. ఆటోలో ఆరుగురు పిల్లల మధ్య ఇరుక్కుని బడికి వెళ్తుంది. ప్రేయర్‌లో డ్రమ్ము, మైకు. క్లాసుకు వెళ్లే వరసలో వెనక పిల్లవాడి చెయ్యి తగిలితే తిరిగి వాణ్ని కొడుతుంది. మధ్యాహ్నం నూట యాభై మంది ఒకేసారి క్యారేజీలు తెరిచే హాల్లో సగం అన్నం వదిలేస్తుంది.

మూడున్నరకు ఇంటికి వస్తుంది. నానమ్మ ప్రేమగా ఎదురెళ్లి, "ఏం తిన్నావే బంగారం, టీచర్ ఏం చెప్పింది?" అని అడుగుతూ బిస్కెట్టు చేతిలో పెడుతుంది. బిస్కెట్టు విరిగి ఉంటుంది. అంతే, బ్యాగు విసిరేసి, నేల మీద పడి నలభై నిమిషాలు ఏడుస్తుంది.

టీచరును అడిగితే, "స్కూల్లో బంగారమండీ, ఒక్క లైన్‌లోనే పక్కవాళ్లను కొడుతుంది" అంటుంది. నాన్నకు ఇది మరీ అర్థం కాదు. "బడిలో బుద్ధిగా ఉండేది ఇంట్లో ఎందుకుండదు? మనమంటే లోకువ" అంటాడు. ఆయన దగ్గర ఇంకో గట్టి సాక్ష్యం కూడా ఉంది. మిక్సీకి ఏడ్చే ఈ పాపే సాయంత్రం స్టీలు పళ్లెం బోర్లించి గరిటెతో పావుగంట వాయిస్తుంది. "మరి ఇది చప్పుడు కాదా?" అని ఆయన ప్రశ్న. దానికి మంచి జవాబు ఉంది. అది తెలిస్తే మిగిలినవన్నీ సులువుగా తెలుస్తాయి.

అలవాటు పడని మెదడు

మనం పొద్దున చొక్కా వేసుకున్నప్పుడు ఒంటికి తగిలిన స్పర్శ కాసేపటికే మనకు తెలియకుండా పోతుంది. చొక్కా ఒంటి మీదే ఉంటుంది కానీ మెదడు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. ఫ్యాను చప్పుడైనా, వీధిలో బళ్ల మోతైనా అంతే. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పాత వాచ్‌మన్ రోజూ వచ్చేవాళ్లను ఆపడు, కొత్త మొహాన్నే ఆపుతాడు. మెదడు చేసే పని అదే. ఇంద్రియాల నుంచి నిమిష నిమిషానికీ వచ్చే కబుర్లలో ప్రమాదం లేదని తేలినవాటిని ఊరికే లోపలికి వదిలేసి, కొత్తవాటి మీద, ముఖ్యమైనవాటి మీద ధ్యాస పెడుతుంది.

సున్నితమైన పిల్లల్లో ఈ అలవాటు పడటం ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు అసలు జరగదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో దీన్ని మెదడు స్కాన్లలో చూపించారు. ఆటిజం ఉన్న పిల్లలకు, లేని పిల్లలకు గరుకు ఉన్నిబట్టను చర్మానికి తాకిస్తూ, ట్రాఫిక్ మోత వినిపించారు. ఆటిజం ఉండి, స్పర్శకూ చప్పుడుకూ బాగా ఇబ్బందిపడే పిల్లల మెదడు స్పందన మిగతావాళ్లలాగా తగ్గుతూ రాలేదు. చప్పుడును, స్పర్శను గ్రహించే భాగాలతోపాటు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే చిన్న భాగం కూడా మళ్లీ మళ్లీ స్పందించింది. ఆ అధ్యయనం చూసింది ఆటిజం ఉన్న పిల్లల్ని. ఆటిజం లేకుండా ఇదే సున్నితత్వం ఉన్న పిల్లల మీద ఇంత స్పష్టమైన పరిశోధన తక్కువ. అయినా తల్లిదండ్రులకు ఇక్కడ పనికొచ్చే విషయం ఒకటుంది. "కాసేపు ఓపికపడితే అదే సర్దుకుంటుంది" అని మనం అనుకునేది మన మెదడు అనుభవంతో. ఈ పిల్లకు పదో నిమిషంలో కూడా లేబుల్ మొదటి నిమిషంలో ఉన్నట్టే గీరుతుండవచ్చు.

లేబుల్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. చర్మంలో కొన్ని నాడీ కొసలు కదలికను మాత్రమే పట్టుకుంటాయి, కదలనిదాన్ని వదిలేస్తాయి. లేబుల్ కదలకుండా ఉండదు. పాప తల తిప్పినప్పుడల్లా, బోర్డు వైపు చూసి మళ్లీ పుస్తకం వైపు వంగినప్పుడల్లా మెడ మీద కొత్తగా రాసుకుంటుంది. అందుకే బట్టల్లో ఎక్కువ గొడవ కాలర్, మెడ, చంక కుట్టు, నడుము ఎలాస్టిక్, సాక్సు వేళ్ల కుట్టు దగ్గరే వస్తుంది. ఒంటి కదలిక ఎక్కడ ఎక్కువో అక్కడ.

తాను చేసే చప్పుడు, తన మీద పడే చప్పుడు

ఇప్పుడు నాన్న ప్రశ్నకు వద్దాం. మన చేతితో మనం చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వు రాదు. లండన్‌లో 1998లో జరిగిన ఒక స్కాన్ అధ్యయనం దీనికి కారణం చూపించింది. మనం చేయబోయే పని వల్ల ఏ అనుభూతి వస్తుందో మెదడు ముందే అంచనా కట్టుకుంటుంది. అంచనా ప్రకారం వచ్చినదాన్ని తగ్గించి తీసుకుంటుంది. చప్పుడు విషయంలోనూ ఇలాగే ఉంటుంది. మధ్య చెవిలో ఉండే చిన్న కండరాలు మనం గొంతెత్తి అరవబోయే ముందే బిగుసుకుని, మన అరుపు మన చెవికే గట్టిగా తగలకుండా చూస్తాయి. బయటి నుంచి హఠాత్తుగా వచ్చే చప్పుడుకు అవి బిగుసుకునేసరికి ఆలస్యమవుతుంది. టపాకాయ మోత అప్పటికే లోపలికి వెళ్లిపోతుంది.

పళ్లెం వాయించేటప్పుడు ప్రతి దెబ్బా ఎప్పుడు పడుతుందో పాపకు తెలుసు, ఎప్పుడు ఆపాలో తన చేతిలో ఉంది. మిక్సీ విషయంలో ఈ రెండూ లేవు. కాబట్టి పళ్లెం వాయించే పాప నటిస్తోందనడానికి లేదు. చప్పుడు ఎంత పెద్దదన్నది ఎంత ముఖ్యమో, ముందుగా తెలియడం, ఆపే అధికారం ఉండటం కూడా అంతే ముఖ్యం. కుక్కర్ విజిల్, మాల్ టాయిలెట్లో చేతులు ఆరబెట్టే యంత్రం, పుట్టినరోజు బెలూను, పక్క వీధిలో డీజే – పిల్లలు ఎక్కువగా భయపడేవన్నీ ఎప్పుడు మొదలవుతాయో తెలియనివే. బెలూను పగలకముందే కొందరు పిల్లలు ఆ గదిలోంచి వెళ్లిపోతారు. పగలబోతుందేమోనన్న ఎదురుచూపే వాళ్లకు భరించరానిది.

జనం మధ్యలో ఇవన్నీ కలుస్తాయి. పెళ్లి మండపంలో బాజా, మైకు, వంటల వాసన, సెంటు, వీడియో లైట్లు, ఉక్కపోత. పైగా ఏ వైపు నుంచి ఎవరి చెయ్యి తగులుతుందో తెలియదు. ఆ తగలడం కూడా తేలికగా, పైపైన తగలడం. చాలామంది పిల్లలకు గట్టిగా హత్తుకోవడం హాయిగా ఉంటుంది, పట్టుచీర అంచు మోచేతికి రాసుకుంటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. చర్మం మీది సన్నని రోమాల మొదళ్లలో ఉండే నాడీ కొసలు ఆ తేలిక స్పర్శను వెంటనే పట్టేస్తాయి. బుగ్గ గిల్లడం, తల నిమరడం, వెనక నుంచి చక్కిలిగిలి పెట్టడం మన చుట్టాలు ప్రేమతోనే చేస్తారు. ఈ పాపకు మాత్రం అవి చెప్పకుండా మీద పడినట్టే ఉంటాయి.

ప్రవర్తనగా ఎలా మారుతుంది

శరీరం ప్రమాదంలో ఉన్నానని అనుకున్నప్పుడు పారిపోతుంది, తిరగబడుతుంది, లేదా బిగుసుకుపోతుంది. మన పాప రోజులో మూడూ ఉన్నాయి. మిక్సీకి పరుగెత్తడం పారిపోవడం. వరసలో వెనక పిల్లవాణ్ని కొట్టడం తిరగబడటం. వాడు కావాలని తొయ్యలేదని మనకు తెలుసు, ఆమె చర్మానికి తెలియదు. అన్నం హాల్లో కదలకుండా కూర్చుని సగం వదిలేయడం బిగుసుకుపోవడం. మూడోదాన్ని ఎవరూ గమనించరు, ఎందుకంటే బయటికి అది బుద్ధిమంతురాలి లక్షణంలా కనిపిస్తుంది.

నాలుగో రూపం ఇంకొకటుంది, దాన్నే మొండితనమంటారు. అదే పాత గౌను కావాలంటుంది, ఆటోలో చివరి సీటే కావాలంటుంది, అన్నంలో పప్పు కలపకూడదంటుంది. లోకంలో ఏది ఎప్పుడు మీద పడుతుందో తెలియనప్పుడు, తన చేతిలో ఉన్న నాలుగు విషయాలనైనా మారకుండా పట్టుకోవాలని చూస్తుంది. అలసిన రోజు ఈ షరతులు పెరుగుతాయి, సెలవు రోజు తగ్గుతాయి. ఇంట్లో గమనించి చూస్తే ఈ తేడా దొరుకుతుంది.

విరిగిన బిస్కెట్టు విషయానికొస్తే, దానికీ ఏడుపుకూ సంబంధం తక్కువ. ఉదయం నుంచి మిక్సీ, సాక్సు, ఆటో, డ్రమ్ము, అన్నం హాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. బడిలో నలుగురి ముందు బిగపట్టుకుంది. ఇంట్లో అమ్మ ఉంది, నానమ్మ ఉంది, ఇక బిగపట్టుకోనక్కర్లేదు. అక్కడ వదిలేసింది. లోకువ కట్టినందువల్ల కాదు, నమ్మినందువల్ల ఇంట్లో ఏడుస్తుంది.

అయితే ఈ పిల్లలు కూడా అందరిలాగే చాక్లెట్ కోసం పేచీ పెడతారు. రెండింటినీ కలపకూడదు. పేచీకి ఒక కోరిక ఉంటుంది. పిల్ల మధ్య మధ్యలో మన మొహం చూస్తుంది, చూసేవాళ్లు లేకపోతే తగ్గిస్తుంది, కోరింది ఇస్తే ఆగుతుంది. ఇంద్రియాలు తట్టుకోలేక వచ్చిన ఏడుపులో కోరిక ఉండదు. కొత్త బిస్కెట్టు ఇచ్చినా ఆగదు, ఎవరూ చూడకపోయినా సాగుతుంది, మాట చెవికెక్కదు, ఆగాక పిల్ల సొమ్మసిల్లినట్టు పడుకుంటుంది. మొదటిదానికి లొంగకపోవడం సరైనదే. రెండోదానికి శిక్ష వేస్తే, అసలే మోత ఎక్కువైన చోట ఇంకో అరుపును కలిపినట్టవుతుంది.

ఆ ఇంట్లో ఏం మార్చారు

మొదట చేయాల్సింది రాసుకోవడం. రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు: ఎన్ని గంటలకు, ఏం చేసింది, దానికి ముందు గంటలో ఏ చప్పుడు, ఏ బట్ట, ఎంతమంది, తేరుకోవడానికి ఎంతసేపు. "ఊరికే ఏడ్చింది" అని రాయకూడదు. మన పాప పుస్తకంలో రెండో వారానికే తేలింది: ప్రేయర్, పీటీ రెండూ ఉన్న రోజుల్లో సాయంత్రం ఏడుపు పెద్దది. బడి లేని ఆదివారం చుట్టాలు రాకపోతే అసలు లేదు. ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసింది.

బట్టల పని తేలిక, అందుకే అది ముందు. లేబుల్‌ను కత్తెరతో కత్తిరించడం అందరూ చేసే పొరపాటు. కుట్టు దగ్గర మిగిలే మొండి అంచు లేబుల్‌కన్నా బిరుసుగా ఉండి ఎక్కువ గుచ్చుతుంది. దర్జీ దగ్గర కుట్లు విప్పించి లేబుల్‌ను మొదలంటా తీయించి, మెడ పట్టీని మళ్లీ కుట్టించాలి. అదీ కుదరకపోతే ఆ చోటును మెత్తటి పాత నూలుబట్ట ముక్కతో కప్పి కుట్టించాలి. యూనిఫాం చొక్కా కింద నూలు బనియను తిరగేసి తొడిగితే కుట్లు బయటి వైపుకు పోతాయి. సాక్సు కూడా తిరగేసి తొడగవచ్చు. కొత్త బట్టలను రెండు మూడుసార్లు ఉతికాకే వేయాలి. పట్టు లంగాకు, నెట్ గౌనుకు లోపల పూర్తిగా నూలు లైనింగ్ ఉండాలి, జరీ అంచు వెనక దారాలు ఒంటికి తగలకూడదు.

మిక్సీకి ఎక్కువ సమయం పట్టింది. దాన్ని వంటింటి గట్టు మీద నుంచి యుటిలిటీ బాల్కనీలోకి మార్చి, కింద రబ్బరు మ్యాట్ వేశారు. పాప లేచాకే వేయాలని నియమం పెట్టుకున్నారు. వేసే ముందు అమ్మ చెబుతుంది: "మిక్సీ వేస్తున్నా, పది లెక్కపెట్టు, ఆపేస్తా." పదికి కచ్చితంగా ఆపుతుంది. పిండి మెదగకపోయినా ఆపుతుంది, మళ్లీ చెప్పి మళ్లీ వేస్తుంది. ఎక్కడ నిలబడాలో పాపే నిర్ణయించుకుంటుంది. మొదట హాల్లో తలుపు వెనక, కొన్నాళ్లకు వంటింటి గడప దగ్గర. ఆ తర్వాత ఒక ఆదివారం ఖాళీ జారు పెట్టి, మూత బిగించి, అమ్మ చెయ్యి పట్టుకుని పాపే స్విచ్ ఒక్క క్షణం తిప్పి ఆపింది. అప్పటి నుంచి "ఆన్ అను, వేస్తా" అన్న ఆట మొదలైంది. పాప చెయ్యెత్తితే మిక్సీ ఆగాలి. ఈ ఒప్పందాన్ని పెద్దవాళ్లు ఒక్కసారి తప్పినా పని మళ్లీ తలుపు వెనక నుంచి మొదలవుతుంది.

బడిలో అడిగినవి మూడే. వరసలో పాపను చివర నిలబెట్టాలి, వెనక నుంచి ఎవరూ తగలకుండా. ప్రేయర్‌లో స్పీకరుకు దూరంగా ఉన్న వరసలో ఉంచాలి. అన్నం హాల్లో గోడ పక్క కుర్చీ ఇవ్వాలి. ఇవి ఖర్చులేని మార్పులు, టీచరుకు కారణం చెబితే చేస్తుంది. మొదటి మార్పుతోనే కొట్టడం చాలావరకు ఆగింది. ఇంటికి వచ్చాక అరగంటపాటు ఎవరూ ప్రశ్నలు అడగరు. బ్యాగు తీసుకుని, యూనిఫాం మార్చి, కరకరలాడే జంతికలో వేయించిన శనగలో ఇచ్చి ఉయ్యాలలో కూర్చోబెడతారు. నానమ్మకు మొదట ఇది నచ్చలేదు. "పలకరించకపోతే ఎలా అమ్మాయ్?" అంది కోడలితో. కొన్నాళ్లకు ఉయ్యాల దిగాక పాపే వచ్చి ఒళ్లో కూర్చుని బడి కబుర్లు చెప్పడం మొదలయ్యాక ఆ నియమానికి ఆవిడే కాపలా.

ఇక మేనత్త కొడుకు పెళ్లి. వెళ్లకపోవడం కుదరదు, రాత్రంతా ఉంచడమూ కుదరదు. ముందురోజు మండపం ఫొటో చూపించి, ఏమేం జరుగుతుందో వరసగా చెప్పారు. జనం నిండక ముందే వెళ్లారు. ఖాళీ హాలు ఒక్కో మనిషితో నిండటం చూస్తే, నిండిన హాల్లోకి ఒక్కసారిగా అడుగుపెట్టినంత దెబ్బ తగలదు. స్పీకర్లకు, వీడియో లైట్లకు దూరంగా, తలుపు పక్కన కూర్చున్నారు. పట్టు లంగా ఫొటోల వరకే, తర్వాత పాత నూలు గౌను. "బుగ్గలు పట్టుకోకండి వదినా, నమస్కారం పెడుతుంది" అని అమ్మ ముందే చెప్పింది. పాప అమ్మ చెయ్యి రెండుసార్లు నొక్కితే బయటికి వెళ్లాలన్న గుర్తు. అరగంటకోసారి అది లేకుండానే బయటికి తీసుకెళ్లి పది నిమిషాలు నడిపించారు. తలంబ్రాల దాకా ఉండి, ఏడుపు రాకముందే బయలుదేరారు. ఏడ్చాక బయలుదేరితే పెళ్లంటే ఏడుపని గుర్తుంటుంది, బాగున్నప్పుడే బయలుదేరితే పెళ్లి బాగుందని గుర్తుంటుంది.

రెండు వైపులా ఉన్న గోతులు

నలుగురిలో తిప్పితే అదే అలవాటవుతుందని బలవంతంగా డీజే పక్కన నిలబెట్టడం ఒక పొరపాటు. తప్పించుకునే దారి లేకుండా భయం అనుభవించిన పిల్ల మరుసటిసారి మండపం గేటు దగ్గరే మొదలుపెడుతుంది. రెండోది దీనికి వ్యతిరేకం: ఇల్లంతా నిశ్శబ్దం చేసేయడం, చెవులకు రోజంతా ఇయర్‌మఫ్‌లు తగిలించడం. దీర్ఘకాలం నిశ్శబ్దంలో ఉన్న చెవి చిన్న చప్పుడుకు కూడా ఇంకా సున్నితమవుతుంది. అందుకే వినికిడి నిపుణులు ఇయర్‌మఫ్‌లను దీపావళి, నిమజ్జనం ఊరేగింపు, పెళ్లి బాజా లాంటి చోట్లకే పరిమితం చేయమంటారు. రెంటికీ మధ్య దారి, మిక్సీ విషయంలో చూసినట్టు, కొద్దికొద్దిగా, పిల్ల చేతిలో పగ్గం పెట్టి దగ్గరవడం.

థెరపీ గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఈ రంగానికి పునాది వేసింది ఏ. జీన్ ఏయర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆమె ముఖ్య గ్రంథం 1972లో వచ్చింది. ఉయ్యాలలు, బరువు పనులు, ఆటల ద్వారా ఇంద్రియాలను సమన్వయం చేసే పద్ధతి ఆమెదే. దాని ఫలితాలపై ఆధారాలు పరిమితమని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం 2012లో చెప్పింది. సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అన్న పేరును విడి జబ్బుగా రాయవద్దని కూడా సూచించింది. ఆటిజం ఉన్న 138 మంది పిల్లలతో బ్రిటన్‌లో జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో, ఈ థెరపీ మామూలు సేవలకన్నా మెరుగైన ఫలితం ఇచ్చినట్టు తేలలేదు. మంచి థెరపిస్టు ఇల్లు, బడి చూసి ఏది మార్చాలో చెబుతారు, అది చాలా విలువైనది. నెలల తరబడి సెషన్లకు డబ్బు కట్టే ముందు మాత్రం "మూడు నెలల్లో మా పాప రోజులో ఏం మారాలి?" అని అడిగి, జవాబు రాయించుకోవాలి. అది మారకపోతే ఆపేయవచ్చు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి

ముందు చెవి, చర్మం చూడాలి. చప్పుడంటే భయపడని పిల్ల ఉన్నట్టుండి చెవులు మూసుకోవడం మొదలుపెడితే చెవిలో నీరు చేరిందేమో, ఇన్‌ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించాలి. బట్ట తగిలిన చోట ఎర్రగా కంది, పొక్కులు వచ్చి, రాత్రుళ్లు గోక్కుంటుంటే అది ఎగ్జిమా కావచ్చు, చర్మ వైద్యుడి పని.

ఆటిజం నిర్ధారణ ప్రమాణాల్లో ఇంద్రియాల అతి స్పందనను 2013 నుంచి ఒక లక్షణంగా చేర్చారు. లేబుల్ పడనంత మాత్రాన ఆటిజం కాదు. దానితోపాటు పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, వేలుపెట్టి చూపించకపోవడం, మాటలు ఆలస్యం కావడం, వచ్చిన మాటలు పోవడం, తోటి పిల్లలతో ఆట కుదరకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుడికి చూపించాలి. జిల్లా ఆసుపత్రుల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే ముందస్తు గుర్తింపు కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో మేధోవైకల్యాల జాతీయ సంస్థ ఉంది. ఇవి రెండూ ప్రభుత్వానివి. ఆటిజం ఏమీ లేకపోయినా, సున్నితత్వం వల్ల తిండి, నిద్ర, బడి – వీటిలో ఏదైనా చెడుతుంటే కూడా చూపించాల్సిందే.

బాగుపడుతోందో లేదో తెలుసుకోవడానికి కూడా ఆ నోటుపుస్తకమే ఆధారం. చాలామంది తల్లిదండ్రులు "ఇంకా చెవులు మూసుకుంటోంది" అని నిరాశపడతారు. మూసుకోనివ్వండి, చప్పుడు ఎక్కువైనప్పుడు చెవులు మూసుకోవడం తెలివైన పని. చూడాల్సినవి వేరే రెండున్నాయి. మొదటిది, తేరుకోవడానికి పట్టే సమయం: నలభై నిమిషాల ఏడుపు పది నిమిషాలకు వచ్చిందా? రెండోది, ఏడుపు కంటే ముందు మాటో సైగో వస్తోందా? పెళ్లిలో పాప అమ్మ చెయ్యి రెండుసార్లు నొక్కిందంటే, తన ఒంట్లో ఏమవుతోందో గుర్తుపట్టి, అది చేయి దాటకముందే చెప్పగలిగిందన్నమాట. పెద్దయ్యాక ఆఫీసులో, హాస్టల్లో, అత్తారింట్లో ఆమెకు అక్కరకొచ్చేది అదే. ఐదేళ్లప్పుడు ఆమె చెప్పినదాన్ని మనం నమ్మితేనే ఆమె చెప్పడం నేర్చుకుంటుంది.